నూనె మానేసి 4 నెలలు: బరువు తగ్గింది సరే, ఈ ఆకలి, ఈ మోకాళ్లు, ఈ రిపోర్టు ఏంటి?

తెల్లారి_పరుగు | సోమవారం, రాత్రి 10:52

అందరికీ నమస్తే. వయసు 36, ఎత్తు 172 సెంటీమీటర్లు, ఉండేది కూకట్‌పల్లి. కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాలని వారానికి 55 కిలోమీటర్ల దాకా వచ్చాను.

నాలుగు నెలల కిందట నాన్నగారికి స్టెంట్ వేశారు. ఆ భయంతో నా వరకు నూనె, నెయ్యి పూర్తిగా మానేశాను. పోపు కూడా లేదు. నా కూర వేరుగా ఉడికిస్తారు. 75 కిలోల నుంచి 67కి వచ్చాను. మొదటి రెండు నెలలు గాల్లో తేలినట్టు పరిగెత్తాను. ఇప్పుడు తిన్న గంటకే ఆకలి. మెట్లు దిగుతుంటే మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి. ఇంకోటి ఇక్కడ పేరు లేదు కాబట్టి చెబుతున్నా, రెండు నెలలుగా నాకు ఆ ఆసక్తే పోయింది. టెస్టోస్టెరాన్ పరీక్ష చేయిస్తే 290 వచ్చింది. ల్యాబ్ వాళ్ల కనిష్ఠానికి కాస్త పైన అంతే.

రోజూ తినేది: పొద్దున 4 ఇడ్లీలు, పోపు లేని సాంబారు. మధ్యాహ్నం రెండు కప్పుల అన్నం, పప్పు, ఉడికించిన కూర, డబుల్ టోన్డ్ పాల పెరుగు. సాయంత్రం ఉడికించిన శనగలు, ఒక ఆపిల్. రాత్రి 3 పుల్కాలు, కూర, 4 గుడ్ల తెల్లసొన, గ్లాసు పాలు.

పరిగెత్తేవాడికి అసలు కొవ్వు ఎంత కావాలి? ఏది తింటే ఈ మూడూ సర్దుకుంటాయి?

---

కండబలం | సోమవారం, రాత్రి 11:20

అన్నా, సమాధానం నీ పోస్టులోనే ఉంది. హార్మోన్ తయారయ్యేది కొలెస్ట్రాల్‌తో. నువ్వు పచ్చసొన పారేసి, నెయ్యి మానేసి, 290 ఎందుకొచ్చింది అంటే ఏం చెప్పాలి? పూటకి రెండు చెంచాల నెయ్యి, రోజుకి 5 గుడ్లు సొనతో సహా, పరుగుకి ముందు వెన్న వేసిన కాఫీ. నెలలో తేడా చూడు. మా తాతలు గిన్నెడు నెయ్యి తాగి నాగలి పట్టారు.

---

కాకినాడ_పిన్ని | మంగళవారం, ఉదయం 6:05

బాబూ, మోకాళ్లలో గుజ్జు అరిగిపోయినట్టుంది. నాకు 61, రెండు మోకాళ్లూ అంతే. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి ఎడమ కాలిలో గుజ్జు లేదన్నారు. మా వదిన చెప్తే పొద్దున్నే చెంచా ఆవు నెయ్యి, నానబెట్టిన బెండకాయ నీళ్లు తాగుతున్నాను. జిడ్డు ఉండేవి తింటే కీలుకి జిడ్డు పడుతుందని. నువ్వు నూనె మానేశావు కాబట్టే ఎండిపోయింది. చేపనూనె బిళ్లలు కూడా వేసుకుంటున్నాను రోజుకొకటి, పనిచేస్తాయంటారా?

---

పోపులపెట్టె | మంగళవారం, మధ్యాహ్నం 1:40

విశాఖలో క్రీడాకారులకు ఆహారం చూసే పనిలో ఉన్నాను, పన్నెండేళ్లుగా. తెల్లారి_పరుగు గారూ, చెప్పే ముందు మూడు అడుగుతాను.

ఆ రక్తపరీక్ష ఏ రోజు, ఎన్ని గంటలకు ఇచ్చారు? 55 కిలోమీటర్లకు ఎంత తొందరగా వచ్చారు? మూడోది, నిజం చెప్పాలి: రాత్రి పాలు తాగాక పడుకునేలోపు ఏం తింటున్నారు?

---

తెల్లారి_పరుగు | మంగళవారం, రాత్రి 9:15

పరీక్ష ఒక ఆదివారం. పొద్దున 20 కిలోమీటర్లు పరిగెత్తి, ఇంటికొచ్చి పడుకుని, సాయంత్రం నాలుగింటికి వెళ్లాను. ఆ రోజైతేనే సెలవు కదా.

35 నుంచి 55కి ఐదు వారాల్లో వచ్చాను.

మూడోది... మీరెలా కనిపెట్టారో తెలీదు. పదకొండు దాటాక మిక్చరు, చేగోడీలు. వారంలో నాలుగు రాత్రులు. డబ్బా దగ్గర నిలబడే తింటాను కాబట్టి లెక్కలోకి రాదనుకున్నాను.

---

పోపులపెట్టె | మంగళవారం, రాత్రి 11:02

కనిపెట్టడానికి ఏం లేదు, లెక్క కుదరలేదు. మీరు రాసిన తిండి మొత్తం దాదాపు 1,850 క్యాలరీలు. 67 కిలోల మనిషి కిలోమీటరు పరిగెత్తితే ఇంచుమించు 67 క్యాలరీలు కరుగుతాయి. వారానికి 55 అంటే రోజుకు 500 పైమాట. కుర్చీ ఉద్యోగం, ఇంట్లో తిరుగుడు, పరుగు కలిపితే మీకు 2,700 దగ్గర కావాలి. రోజూ 850 లోటుంటే నాలుగు నెలల్లో 13 కిలోలు పోవాలి. పోయింది 8. అంటే తక్కినది రాత్రిపూట డబ్బాలోంచి వస్తోంది.

ఇప్పుడు కొవ్వు. ఇడ్లీ, సాంబారులో 3 గ్రాములు, అన్నం పప్పులో 2, శనగల్లో 3, పెరుగూ పాలూ కలిపి 6, పుల్కాల్లో 3, మిగతావాటిలో ఇంకో రెండు మూడు. మొత్తం 20 గ్రాములు దాటదు. గ్రాము కొవ్వుకి 9 క్యాలరీలు కాబట్టి 180. అంటే మీ తిండిలో పదో వంతు. క్రీడాకారుల ఆహారం మీద అమెరికా, కెనడా సంఘాలు కలిసి 2016లో ఇచ్చిన పత్రం, ఐదో వంతు కంటే తక్కువతో నెలల తరబడి ఉండొద్దని చెప్పింది. మీరు అందులో సగంలో ఉన్నారు.

నా పనిలో నేను వాడే కొలత ఇంకా తేలిక. కిలో బరువుకి 0.8 నుంచి 1 గ్రాము. మీకు 54 నుంచి 67 గ్రాములు. తిండిలో దాగి ఉన్న కొవ్వు, పైన వేసే నూనె, గింజలు, గుడ్లు అన్నీ కలిపి. అంతకుమించి తింటే హార్మోన్ ఇంకా పెరుగుతుందని నమ్మకంగా చెప్పే ఆధారం నాకు కనబడలేదు. పైగా పరిగెత్తేవాళ్లకి ఆ చోటు అన్నానికి కావాలి.

కానీ మీ అసలు గొడవ కొవ్వు ఒక్కటే కాదు. 1,850లోంచి పరుగుకి 500 తీసేస్తే ఒంటికి మిగిలేది 1,350. మంచం మీద కదలకుండా పడుకున్నా మీ ఒంటికి 1,550 దాకా కావాలి, గుండె కొట్టుకోవడానికి, వేడి నిలుపుకోవడానికి, దెబ్బతిన్న కండ పూడ్చుకోవడానికి. అంత అందనప్పుడు ఒళ్లు ఏది ముందు ఆపుతుంది? ఇవాళ బతకడానికి అవసరం లేనిదాన్ని. సంతానానికి సంబంధించిన హార్మోన్లు ఆ జాబితాలో మొదట్లో ఉంటాయి. మెదడే కింద పంపే సంకేతాన్ని తగ్గించేస్తుంది. ఈ స్థితిలో మీరు అన్నం తగ్గించి నెయ్యి పోసుకున్నా పెద్దగా లాభం ఉండదు.

రిపోర్టు సంగతి. టెస్టోస్టెరాన్ తెల్లవారుజామున ఎక్కువ, సాయంత్రానికి దిగుతుంది. సుదీర్ఘ పరుగు తర్వాత ఆ రోజంతా తగ్గి ఉండొచ్చు. సాయంత్రం నాలుగింటికి, 20 కిలోమీటర్ల తర్వాత ఇచ్చిన 290ని పట్టుకుని ఏమీ తేల్చలేం. ముందురోజు విశ్రాంతి తీసుకుని, పరగడుపున, ఉదయం పదిలోపు ఇవ్వండి. తక్కువ వస్తే వేరే రోజు మళ్లీ ఇవ్వండి. రెండోసారీ తక్కువైతే డాక్టరు దగ్గరకు, ఈ చర్చ దగ్గరకు కాదు.

---

కండబలం | బుధవారం, ఉదయం 7:30

మేడమ్, కొవ్వు తగ్గిస్తే టెస్టోస్టెరాన్ తగ్గుతుందని పరిశోధన ఉంది కదా. మీరు దాన్ని తీసి పక్కన పెట్టేశారు.

---

పోపులపెట్టె | బుధవారం, మధ్యాహ్నం 2:10

ఉంది, పక్కన పెట్టలేదు. 2021లో ఆరు అధ్యయనాలను కలిపి చూశారు. మొత్తం 206 మంది మగవాళ్లు. తిండిలో కొవ్వు వాటాను 40 శాతం దగ్గర నుంచి 20 దగ్గరకు దింపితే టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. అంటే 400 ఉన్నవాడికి 340, 360. తగ్గింది నిజమే. కానీ ఆరూ చిన్నవి, ఎక్కువ పాతవి, పీచు లాంటివి కూడా కొవ్వుతోపాటే మారాయి. కాబట్టి మీ మాటలో సగం ఒప్పుకుంటాను: అతి తక్కువ కొవ్వు మంచిది కాదు, పచ్చసొన పారేయడం అనవసరం.

ఒప్పుకోనిది కొలెస్ట్రాల్ వాదన. హార్మోన్‌కి ముడిసరుకు కొలెస్ట్రాలే, కానీ దాన్ని కాలేయం, వృషణాలు సొంతంగా తయారు చేసుకుంటాయి. సిమెంటు గోదాములో నిండా ఉంటే ఇంకో లారీ దింపినంత మాత్రాన ఇల్లు ఎత్తు పెరగదు. నెయ్యిలో మూడింట రెండు వంతులు రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ని పెంచే రకం కొవ్వు. తండ్రికి స్టెంట్ పడిన ఇంట్లో పూటకి రెండు చెంచాలు అని నేను చెప్పను. ముద్దపప్పులో రోజుకు ఒక చెంచా అయితే నాకు అభ్యంతరం లేదు.

మీ తాతగారు నాగలి పట్టి రోజంతా నడిచారు. మనం నెయ్యి మాత్రం వారసత్వంగా తీసుకున్నాం.

---

డాలస్_శ్రీను | బుధవారం, రాత్రి 8:45

నా అనుభవం చెప్తా. ఇక్కడ జిమ్‌లో ఒకాయన మాట విని వెన్న కాఫీ, కొబ్బరి నూనె వంట, 5 నెలలు. కండ బాగానే వచ్చింది, ఆకలీ తక్కువే. చెడు కొలెస్ట్రాల్ 118 నుంచి 171కి పోయింది. కొబ్బరి నూనె ఆపి ఆలివ్, వేరుశనగ నూనెలకు మారాక మూడు నెలల్లో 125. అందరికీ అంత పెరగదట, నాకు పెరిగింది. కాబట్టి కండబలం తమ్ముడూ, నెయ్యి తింటే తిను, కానీ మూడు నెలలకోసారి ఆ ఒక్క పరీక్ష చేయించుకో.

సందేహం: నేను పీనట్ బటర్ రోజూ నాలుగు చెంచాలు తింటా. అయినా ఆకలే. పల్లీలే కదా అది?

---

కవళ్ల_పులుసు | బుధవారం, రాత్రి 10:30

భీమిలి నుంచి. ఇంతసేపు నెయ్యి, కొబ్బరి నూనె అంటున్నారు, చేప మాట ఒక్కరూ ఎత్తరేం? కీళ్లకి మంచిదని చెప్పేది చేపలో కొవ్వునే కదా. పులస కొనక్కర్లేదు, వంజరం కూడా అక్కర్లేదు. కవళ్లు, కానాగర్తలు చవకలో వస్తాయి. సందర్భం కాకపోయినా ఒకటి చెప్తా, కానాగర్త శాస్త్రీయ నామంలో కనగుర్త అనే ఉంటుంది. రెండు వందల ఏళ్ల కిందట విశాఖ తీరంలో చేపల మీద ఇంగ్లీషు పుస్తకం రాసిన రసెల్ మన పేరే రాసుకున్నాడు, తర్వాత వాళ్లు దాన్నే లాటిన్ చేసేశారు.

---

పోపులపెట్టె | గురువారం, మధ్యాహ్నం 1:15

కవళ్ల_పులుసు గారు సరైన చోటికి తెచ్చారు. పిన్నిగారికి కూడా ఇక్కడే చెప్తాను.

పిన్నిగారూ, మన ఇళ్లల్లో గుజ్జు అనేది రెండు వేర్వేరు వస్తువులకు వాడే మాట. ఎముక చివర ఉండే మెత్తటి పొర ఒకటి, కీలు మధ్యలో జారుడుగా ఉండే ద్రవం ఇంకోటి. ఆ ద్రవం చేతికి జిడ్డుగా తగులుతుంది కానీ అందులో ఉన్నది నూనె కాదు. రక్తంలోంచి వడకట్టి వచ్చిన నీరూ, కీలు లోపలి పొర తయారుచేసే జిగురు పదార్థాలూ. తిన్న నెయ్యి పేగులో జీర్ణమై, రక్తంలో కలిసి, ఖర్చవుతుంది లేదా నడుము దగ్గర నిలవ ఉంటుంది. మోకాలికి దారి లేదు. బెండకాయ జిగురూ అంతే. బెండకాయ మంచి కూర, తినండి.

చేపలోని ఒమేగా-3 పనిచేసే తీరు వేరు. అది జిడ్డు పట్టించదు, వాపును కాస్త తగ్గిస్తుంది. అందుకే వాపుతో కూడిన కీళ్లవాతంలో, అంటే పొద్దున లేవగానే వేళ్లు గంటసేపు బిగుసుకుపోయే రకంలో, కొంత ఆధారం ఉంది. ఆ అధ్యయనాల్లో ఇచ్చింది రోజుకు దాదాపు 2.7 గ్రాముల ఒమేగా-3, మూడు నెలలపాటు. మీ బిళ్ల డబ్బా వెనక చదవండి. ముందు 1000 అని పెద్దగా ఉంటుంది, అది మొత్తం నూనె. లోపల అసలు పనిచేసే రెండూ కలిపి చాలా బ్రాండ్లలో 300 మిల్లీగ్రాములే. ఆ లెక్కన తొమ్మిది బిళ్లలు. అలాగని తొమ్మిది మింగకండి, ముఖ్యంగా రక్తం పలచబడే మందు వాడుతుంటే డాక్టరుని అడగకుండా వద్దు. అరుగుదల రకంలో సంగతి ఇంకా తికమక. ఆస్ట్రేలియాలో 202 మంది మీద రెండేళ్లు చూస్తే, రోజుకు 4.5 గ్రాములు ఇచ్చిన వాళ్లకంటే పదో వంతు ఇచ్చిన వాళ్లకే నొప్పి తక్కువగా ఉంది. ఎందుకో ఇప్పటికీ తేలలేదు.

పరిగెత్తే కుర్రాళ్ల మోకాలికి మాత్రం నేను చేపనూనె బిళ్ల చెప్పను. వారానికి రెండుసార్లు కవళ్లో కానాగర్తలో తినమంటాను. పులుసు మేలు, బాగా వేయిస్తే వేయించిన నూనె కూడా లెక్కలోకొస్తుంది. శాకాహారులైతే అవిసె గింజల పొడి రోజుకు ఒక చెంచా. గింజ అలాగే మింగితే అలాగే బయటికి పోతుంది, పొడి చేయాలి. అవిసెలో ఉన్న రకాన్ని ఒళ్లు చేపలో ఉన్న రకంగా మార్చుకునేది చాలా కొద్దిగా. అందుకని అవిసె తింటే చేప తిన్నట్టే అనే ప్రచారం సరికాదు. కావాలంటే సముద్రపు నాచు నుంచి తీసిన నూనె బిళ్లలు దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ.

తెల్లారి_పరుగు గారూ, ఐదు వారాల్లో 35 నుంచి 55. మీ మోకాలి కథ అదే. ఏ నూనే దాన్ని తీర్చదు. రెండు వారాలు 40కి దిగండి, మంచి ఫిజియోకి ఒకసారి చూపించుకోండి.

---

హనుమకొండ_అమ్మ | గురువారం, రాత్రి 9:50

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా పాపకు 17. రాష్ట్రస్థాయిలో 3000 మీటర్లు పరిగెత్తుతుంది. బరువు తగ్గితే టైమింగ్ వస్తుందని శిక్షణలో నూనె, అన్నం తగ్గించమన్నారు. 49 నుంచి 44 కిలోలకు వచ్చింది. నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదు. ఆటలాడే పిల్లలకు అది మామూలే అంటున్నారు. రోజూ రెండు చెంచాల నెయ్యి పెడితే వస్తుందా?

---

పోపులపెట్టె | గురువారం, రాత్రి 10:20

అమ్మా, తరచూ కనిపిస్తుంది కానీ మామూలు కాదు. మూడు నెలలు దాటి రాలేదంటే గైనకాలజిస్టుకు చూపించాలి, ఈ వారంలోనే. థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి వేరే కారణాలు కూడా చూసి పక్కన పెట్టాలి. ఇంతకుముందు ఒకసారైనా కాలి ఎముక నొప్పి వచ్చిందా? మోకాలి కింద ముందు ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట గుచ్చినట్టు నొప్పి ఉంటే పరుగు ఆపించి చూపించండి, అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు. నెలసరి ఆగిన పిల్లల్లో ఎముక బలం తగ్గుతుంది, అదీ ఎముక గట్టిపడాల్సిన ఈ వయసులోనే.

రెండు చెంచాల నెయ్యి అంటే 90 క్యాలరీలు. పాపకు రోజుకు తగ్గుతున్నది బహుశా అంతకు ఎన్నో రెట్లు. నెయ్యి పెట్టండి, కానీ అన్నం తిరిగి పెట్టండి, గుడ్లు, పాలు, పల్లీ చిక్కీ పెట్టండి. తిండి సరిపోయేంతగా పెరిగాక కూడా నెలసరి తిరిగి రావడానికి నెలలు పడుతుంది. శిక్షణ ఇచ్చేవారితో డాక్టరు చీటీ చూపించి మాట్లాడితే వింటారు.

---

హనుమకొండ_అమ్మ | గురువారం, రాత్రి 10:41

కుడికాలు అక్కడే నొప్పి అంటోంది మేడమ్, పది రోజులుగా. రేపే పోతాం.

---

తెల్లారి_పరుగు | శుక్రవారం, రాత్రి 10:05

ఇవాళ పొద్దున కండబలం తమ్ముడి వెన్న కాఫీ ప్రయత్నించాను. ఎనిమిదో కిలోమీటరు దగ్గర పొట్టలో తిప్పేసి, ఒక టీ కొట్టు వెనక ఏం జరిగిందో రాయను. మేడమ్, ఇక మీ లెక్కే. గ్రాములు కాకుండా వంటింటి భాషలో చెప్పండి.

---

పోపులపెట్టె | శనివారం, ఉదయం 11:30

కొవ్వు పొట్టలోంచి నెమ్మదిగా కదులుతుంది. అన్నం తర్వాత అదే వరం, పరుగుకి ముందు అదే శాపం. పరుగుకి ముందు మూడు గంటల్లో వెన్న, వడ, పల్లీలు వద్దు. ఒక అరటిపండు చాలు.

మీకు ఇప్పుడు వస్తున్నది 20 గ్రాములు. నాలుగు తెల్లసొనల బదులు రెండు పూర్తి గుడ్లు, రెండు తెల్లసొనలు చేస్తే 10 గ్రాములు కలుస్తాయి. సాయంత్రం శనగలతోపాటు గుప్పెడు పల్లీలు, 30 గ్రాములు, వేయించినవి, నూనె లేకుండా. ఇంకో 15. మిగిలింది వంట నూనె, రోజుకు ఐదు చిన్న చెంచాలు, అంటే 22. మొత్తం 67. ముద్దపప్పు రోజున ఒక చెంచా నూనె తీసి ఒక చెంచా నెయ్యి పెట్టుకోండి. వీటితో దాదాపు 470 క్యాలరీలు పెరుగుతాయి. పరుగు రోజుల్లో అరటిపండు, ఇంకో ముప్పావు కప్పు అన్నం కలిపితే 2,550 అవుతుంది. మిక్చరు లేకుండా.

ఆకలి విషయంలో ఒక మాట. కొవ్వు తింటే కడుపు నిండుతుందనేది అన్ని కొవ్వులకూ వర్తించదు. సిడ్నీలో 1995లో 38 రకాల తిండ్లు సమాన క్యాలరీల్లో ఇచ్చి ఆకలి కొలిస్తే, ఉడికించిన బంగాళాదుంప అన్నిటికంటే పైన, వెన్నతో పొరలు పొరలుగా చేసే క్రాసాంట్ అట్టడుగున నిలిచాయి. కూరలో కలిసిపోయిన నూనె రుచి పెంచి ఇంకో ముద్ద తినిపిస్తుంది, మీ మిక్చరు చేసేది కూడా అదే. అదే కొవ్వు గుడ్డులో మాంసకృత్తులతో, పల్లీలో పీచుతో కలిసి, నమలాల్సిన రూపంలో వస్తే ఆపుతుంది. డాలస్_శ్రీను గారికి కూడా జవాబు ఇదే. పల్లీ, బాదం నమిలినప్పుడు కొంత కొవ్వు గింజ గోడల్లోనే ఉండిపోయి బయటికి పోతుంది. బాదం మీద కొలిచి చూస్తే లేబులు మీద రాసిన క్యాలరీల్లో దాదాపు నాలుగో వంతు ఒంటికి అందలేదు. మెత్తగా రుబ్బేశాక ఆ గోడలూ లేవు, నమిలే పనీ లేదు. నాలుగు చెంచాలు ఒక నిమిషంలో దిగిపోతాయి.

ఏ నూనె అంటారా? వేరుశనగ, నువ్వులు, తవుడు నూనె, ఏదైనా. రెండు మార్చి మార్చి వాడండి. ఏ నూనె అనేదానికంటే ఎంత నూనె అనేదే మన ఇళ్లల్లో పెద్ద ప్రశ్న.

---

తెల్లారి_పరుగు | శనివారం, మధ్యాహ్నం 3:20

అదే ఇబ్బంది. నా కోసం వేరే వంట మానేసి ఇంటి కూరే తినాలనుకుంటున్నాను. అమ్మ చెంచాతో కొలవదు, చెయ్యి వంచుతుంది. నాకు ఎంత వచ్చిందో ఎలా తెలుస్తుంది?

---

పోపులపెట్టె | శనివారం, సాయంత్రం 5:00

అమ్మగారి చేతిని కొలవొద్దు, క్యాన్‌ని కొలవండి. 5 లీటర్ల క్యాన్ ఎన్ని రోజులొచ్చింది, ఎంతమంది తిన్నారు? లీటరు నూనె 910 గ్రాములు.

---

తెల్లారి_పరుగు | శనివారం, సాయంత్రం 6:12

కిరాణా బిల్లులు చూశాను. అమ్మ, నాన్న, నా భార్య, ముగ్గురికి 35 రోజులు. 4,550 గ్రాములు, 105తో భాగిస్తే మనిషికి రోజుకు 43 గ్రాములు! నేను భయపడి మానేశాను, స్టెంట్ పడిన మనిషి మాత్రం 43 తింటున్నారు.

---

పోపులపెట్టె | శనివారం, సాయంత్రం 6:40

గారెలు వేయించి పారబోసింది, చుట్టాలు తిన్నది తీసేయాలి, కాబట్టి అసలు అంకె కాస్త తక్కువే ఉంటుంది. అయినా ఎక్కువే. మన జాతీయ పోషకాహార సంస్థ, తార్నాకలోదే, కూర్చుని పనిచేసే మగవాళ్లకు పైన వేసుకునే నూనె నెయ్యి కలిపి 25 గ్రాములు, ఆడవాళ్లకు 20 చెబుతోంది. కష్టపడి పనిచేసే మగవాళ్లకు 40 దాకా. మీ ఇంట్లో పరిగెత్తేవాడు సున్నా, కూర్చునేవాళ్లు 43. ఇకనుంచి నలుగురూ ఒకే కూర తింటూ క్యాన్ 50 రోజులు వచ్చేలా చూడండి. అప్పుడు మనిషికి 22 నుంచి 23 వస్తుంది. మీకు కావాల్సిన మిగతాది పల్లీలు, గుడ్లలోంచి వస్తుంది, అవి మీ పళ్లెంలోనే ఉంటాయి. నాన్నగారి సంగతి ఆయన గుండె డాక్టరు చెప్పినట్టు.

---

తెల్లారి_పరుగు | ఏడు వారాల తర్వాత, ఆదివారం, మధ్యాహ్నం 12:30

చెప్పి వెళ్దామని వచ్చాను. బరువు 68.4. రాత్రి మిక్చరు నెలకి రెండు మూడుసార్లకు వచ్చింది. మానాలని పట్టుపట్టలేదు, ఐదింటికి శనగలు, పల్లీలు తింటే పదకొండుకి డబ్బా గుర్తురావడం లేదు. మోకాలు 80 శాతం నయం. ఫిజియో తొడ ముందు కండరం, తుంటి బలహీనంగా ఉన్నాయని వ్యాయామాలిచ్చారు. మళ్లీ 45 కిలోమీటర్లకు వచ్చాను.

రక్తపరీక్ష మేడమ్ చెప్పినట్టు విశ్రాంతి రోజు తర్వాత, ఉదయం ఎనిమిదింటికి. 410. ఆసక్తి కూడా కాస్త తిరిగొచ్చింది, ఇంతకంటే రాయను.

---

కండబలం | ఆదివారం, మధ్యాహ్నం 12:48

చూశావా అన్నా! కొవ్వు పెరిగింది, 290 నుంచి 410. నేను చెప్పిందే.

---

పోపులపెట్టె | ఆదివారం, మధ్యాహ్నం 2:30

సంతోషం. కానీ సాయంత్రం పరీక్ష ఉదయానికి మారింది, పరీక్షకు ముందు పరుగు పోయింది, కిలోమీటర్లు తగ్గాయి, క్యాలరీలు 700 పెరిగాయి, నిద్ర కూడా బాగుపడి ఉంటుంది. ఈ 120లో కొవ్వు వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. నేను కూడా.

---

కాకినాడ_పిన్ని | ఆదివారం, సాయంత్రం 4:15

బాబు మోకాలు తగ్గినందుకు సంతోషం. నేను నెయ్యి మానలేదమ్మా, అలవాటైపోయింది, బిళ్లలు మాత్రం మానేశాను. వారానికి రెండుసార్లు కానాగర్తల పులుసు పెడుతున్నాను. నొప్పి ఉన్నట్టే ఉంది. మా ఆయన మాత్రం చాలా ఆనందంగా ఉన్నారు.

---

హనుమకొండ_అమ్మ | ఆదివారం, రాత్రి 8:00

పాప కాలిలో సన్నటి పగులే అని ఎమ్మారైలో తేలింది. ఎనిమిది వారాలు పరుగు వద్దన్నారు. తిండి పెంచాం, 46 అయింది. నెలసరి ఇంకా రాలేదు. ఎదురుచూస్తున్నాం.

---

తెల్లారి_పరుగు | ఆదివారం, రాత్రి 9:10

పాప త్వరగా కోలుకోవాలి అమ్మా.

మేడమ్, క్యాన్ సంగతి చెప్పడం మరిచాను. ఈసారిది 46 రోజులు వచ్చింది. మధ్యలో సంక్రాంతి వచ్చి అరిసెలు, సకినాలకు ఒక రోజులోనే లీటరున్నర పోయింది. అమ్మ దాన్ని లెక్కలోంచి తీసేయమంటోంది.